గర్భసంచి ముఖద్వారం పొడవు: నెలలు నిండకముందు వచ్చే కాన్పును పసిగట్టే స్కానింగ్



ఐదో నెలలో టిఫా స్కాన్‌కు వచ్చిన తల్లులలో కొందరిని, పొట్టమీద స్కానింగ్ అయిపోయాక, "బాత్రూముకు వెళ్ళి మూత్రం పోసి రండమ్మా, లోపలినుంచి ఇంకొక చిన్న స్కాన్ ఉంది" అని మా సిస్టర్లు పంపిస్తూ ఉంటారు. ఆ మాట వినగానే చాలామంది ముఖం చిన్నబోతుంది. అంతసేపూ సీసాలకు సీసాలు నీళ్ళు తాగించి కూర్చోబెట్టింది మీరే, ఇప్పుడు పోసి రమ్మంటారేమిటని కొందరు అడుగుతారు. లోపలి స్కాన్ చేస్తే బిడ్డకేమైనా అవుతుందేమోనని వెంట వచ్చిన అత్తగారో, అమ్మగారో అడ్డుపడతారు. వద్దని లేచి వెళ్ళిపోయినవారు కూడా ఉన్నారు. అందుకే ఈ సంచికలో ఆ చిన్న స్కాన్ గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆ స్కాన్‌లో చూసేది ముఖ్యంగా ఒక్కటే సంగతి. గర్భసంచి ముఖద్వారం పొడవు ఎంత ఉంది అని. రిపోర్టులో దీనిని సెర్వికల్ లెంగ్త్ అని ఇంగ్లీషులో రాస్తారు. లోపలినుంచి చేసే స్కాన్‌ను టి.వి.ఎస్. అంటారు. కొన్ని రిపోర్టులలో పొడవు సెంటీమీటర్లలో ఉంటుంది, కొన్నింటిలో మిల్లీమీటర్లలో ఉంటుంది. 2.4 సెంటీమీటర్లు అన్నా 24 మిల్లీమీటర్లు అన్నా ఒకటే. రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని ఒకదానిలో 3, ఇంకొకదానిలో 28 ఉందని కంగారుపడి వచ్చిన కుటుంబాలను చూశాను కాబట్టి ముందే చెబుతున్నాను.

ముఖద్వారం ఎలా తెరుచుకుంటుంది?

గర్భసంచికి అడుగున మెడలాంటి భాగం ఉంటుంది. అదే ముఖద్వారం. దానికి లోపలివైపు ఒక నోరు, బయటివైపు ఒక నోరు ఉంటాయి. ఈ రెండు నోళ్ళ మధ్య మూసుకుని ఉన్న దారి పొడవునే మనం కొలుస్తాం. బియ్యం నింపిన గోనెసంచి మూతిని జానెడు మేర కూడదీసి పట్టుకుంటే గింజ రాలదు. పట్టు జారి రెండు వేళ్ళ మేరకు వచ్చిందంటే ఇక ఎంతోసేపు ఆగదు. ముఖద్వారం సంగతీ అలాంటిదే. ఐదారు నెలల గర్భిణికి ఈ పొడవు సగటున 35 మిల్లీమీటర్లు ఉంటుంది. కాన్పు దగ్గరపడే కొద్దీ అది మెత్తబడి, పొట్టిదై, తెరుచుకోవడం సహజమే. కొందరిలో మాత్రం ఈ మార్పు ఐదో నెలలోనే, ఆరో నెలలోనే మొదలవుతుంది. 37 వారాలకు ముందు వచ్చే కాన్పును నెలలు నిండని కాన్పు అంటాం. అది ఎంత ముందుగా వస్తే బిడ్డ ఊపిరితిత్తులకు అంత కష్టం.

ఇక్కడ తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ముఖద్వారం లోపలినుంచి బయటికి తెరుచుకుంటుంది. మొదట లోపలి నోరు విచ్చుకుంటుంది. ఉమ్మనీటి సంచి ఆ సందులోకి గరాటు ఆకారంలో దిగుతుంది. అప్పటికి బయటి నోరు గట్టిగా మూసుకునే ఉంటుంది. నేను నర్సింగ్ డిప్లొమా చదివిన రోజుల్లో మాకు వేళ్ళతో చేసే పరీక్షే ఆధారం. వేలికి తగిలేది బయటి నోరు మాత్రమే కాబట్టి ఎంత అనుభవం ఉన్న డాక్టరమ్మగారైనా "మూసుకునే ఉంది" అని రాసేవారు. ఆ తల్లికీ నొప్పి ఉండదు, రక్తం కనిపించదు, నడుము లాగినట్టున్నా గర్భిణికి మామూలేలే అనుకుంటుంది. లోపల సగం తెరుచుకున్న సంగతిని ముందుగా చూపించేది లోపలి స్కాన్ ఒక్కటే.

కొలిచే పద్ధతి

మూత్రం పోసి రమ్మనడానికి కారణం ఉంది. మూత్రాశయం నిండుగా ఉంటే అది గర్భసంచి కింది భాగాన్ని వెనక్కు నొక్కుతుంది. ఆ ఒత్తిడికి తెరుచుకున్న లోపలి నోరు కూడా మూసుకున్నట్టు కనిపిస్తుంది, ముఖద్వారం ఉన్నదానికంటే పొడవుగా తెలుస్తుంది. పొట్టమీదనుంచి కొలిస్తే ఇదే ఇబ్బంది. ముఖద్వారం సరిగ్గా కనబడాలంటే మూత్రాశయం నిండి ఉండాలి, నిండి ఉంటే కొలత తప్పుతుంది. పైగా బిడ్డ తల కిందికి ఉంటే దాని నీడ అడ్డం వస్తుంది.

లోపలి స్కాన్‌లో వాడే ప్రోబ్ వేలికన్నా కొద్దిగా లావుగా ఉంటుంది. ప్రతి మనిషికీ కొత్త తొడుగు వేస్తారు. స్కాన్ చేసేది మగ డాక్టరుగారైతే పక్కన మా సిస్టరు తప్పకుండా ఉంటుంది, దుప్పటి కప్పి ఉంచుతాం. ప్రోబ్ యోనిమార్గంలోనే ఆగిపోతుంది, ముఖద్వారం లోపలికి వెళ్ళదు. బిడ్డను తాకే ప్రశ్నే లేదు. ఈ స్కాన్ వల్ల గర్భం పోదు, నొప్పులూ మొదలుకావు.

స్కాన్ చేసేవారికి ఇందులో కొంత ఓపిక కావాలి. ప్రోబును నొక్కిపట్టి చూస్తే ముఖద్వారం సాగి, కొలత ఎక్కువ వస్తుంది. అందుకని ఒకసారి దగ్గరకు పెట్టి, బొమ్మ మసకబారేదాకా వెనక్కు లాగి, మళ్ళీ బొమ్మ కనబడేంత మాత్రమే ఆనించాలి. ముఖద్వారం ముందు గోడ, వెనుక గోడ ఒకే మందంలో కనిపిస్తే నొక్కడం లేదని గుర్తు. బొమ్మను పెద్దది చేసి, లోపలి నోటినుంచి బయటి నోటిదాకా మూసుకున్న భాగాన్ని మాత్రమే కొలవాలి. గరాటులా తెరుచుకున్న భాగాన్ని కలపకూడదు. కనీసం మూడు నిమిషాలు చూస్తూ మూడుసార్లు కొలిచి, బాగా వచ్చిన వాటిలో అన్నిటికన్నా తక్కువది రాయాలి. మూడు నిమిషాలు ఎందుకంటే, ముఖద్వారం ఒకేలా ఉండదు. చూస్తుండగానే తెరుచుకుని మళ్ళీ మూసుకునే సందర్భాలు ఉంటాయి. అనుమానం ఉంటే పొట్ట పైభాగాన్ని కొన్ని క్షణాలు మెల్లగా అదిమి చూస్తారు. ఆ అదుముకే లోపలి నోరు తెరుచుకుంటే ఆ కొలతే లెక్క.

ఒకే వారంలో రెండు కొలతలు

ఇదంతా ఎందుకింత వివరంగా చెప్పానంటే, మన ఆసుపత్రికి వచ్చిన ఒక తల్లి సంగతి చెప్పాలి. పేరు, ఊరు అక్కరలేదు. ఆమెకు మొదటి కాన్పు 30 వారాలకే అయ్యింది. ఆ బిడ్డ నెలకు పైగా ఆసుపత్రిలో ఉండి బ్రతికింది. రెండోసారి గర్భం వచ్చాక ఆ పాత కాగితాలన్నీ భద్రంగా తెచ్చి చూపించింది. అలాంటి చరిత్ర ఉన్నవారికి 16వ వారంనుంచి 24వ వారందాకా రెండు వారాలకొకసారి ముఖద్వారం కొలుస్తాం. 30 కంటే తగ్గితే వారానికొకసారి చూస్తాం. ఆమెకు 16 వారాలప్పుడు 36 మిల్లీమీటర్లు ఉంది. డాక్టరమ్మగారు రాత్రిపూట లోపల పెట్టుకునే ప్రొజెస్టెరాన్ మాత్ర అప్పుడే మొదలుపెట్టారు. 18 వారాలకు 33. 20 వారాలకు 28.

వారం తర్వాత రావలసి ఉండగా ఆమె పుట్టింటికి వెళ్ళి, అక్కడ దగ్గరలోని స్కానింగ్ సెంటర్లో టిఫా చేయించుకుంది. పొట్టమీదనే కొలిచి 34 మిల్లీమీటర్లు అని రాశారు. ఇంట్లో అందరూ సంతోషించారు. రెండు రోజుల తర్వాత మన దగ్గరకు వస్తే, మూత్రం పోయించి లోపలినుంచి చూశాం. 23 వచ్చింది. పైనుంచి అదిమితే 21. లోపలి నోరు గరాటులా విచ్చుకుని ఉంది.

అత్తగారు రెండు కాగితాలూ చేతిలో పట్టుకుని, "ఏం సిస్టరమ్మా, రెండు రోజుల్లో అంత తగ్గిపోతుందా? మీ మిషను మంచిదా, వాళ్ళ మిషను మంచిదా?" అని అడిగింది. అడగవలసిన ప్రశ్నే. "మిషన్లు రెండూ మంచివే అమ్మగారూ. అక్కడ కోడలి పొట్టలో ఉన్న నీళ్ళే కొలతను పెంచాయి" అని చెప్పాను. ఆ రిపోర్టు రాసినవారు కావాలని తప్పు రాయలేదు. టిఫా స్కాన్ బిడ్డ అవయవాలు చూడడానికి. ముఖద్వారం దానిలో ఒక వరుస మాత్రమే. కానీ పాత కాన్పు ముందుగా అయినవారికి ఆ ఒక్క వరుస పొట్టమీదనుంచి కొలిచింది అయితే చాలదు. రిపోర్టులో టి.వి.ఎస్. ద్వారా అని ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే అడగాలి.

మర్నాడే ఆమెకు ముఖద్వారానికి కుట్టు వేశారు. నడుముకు మత్తు ఇచ్చి, రవిక్కె సంచికి దారం లాగి ముడివేసినట్టు, ముఖద్వారం చుట్టూ గట్టి దారంతో వేసే కుట్టు అది. ఈ విధానాన్ని 1955లో ప్రచురించినవారు మన దేశంవారే, బొంబాయికి చెందిన డాక్టర్ శిరోద్కర్ గారు. 1957లో మెక్‌డొనాల్డ్ అనే డాక్టరు దానికన్నా సులువైన పద్ధతి చెప్పారు. ఇప్పుడు ఎక్కువగా వేసేది అదే. కుట్టు తర్వాత కూడా మాత్ర మానలేదు. 36 వారాలు దాటాక మత్తు అవసరం లేకుండానే కుట్టు తీశాం. 38వ వారంలో మామూలు కాన్పు అయింది. ఆడబిడ్డ, రెండు కిలోల ఏడువందల గ్రాములు. కుట్టు వేయకపోయినా అన్నాళ్ళు ఆగేదేమో ఎవరూ చెప్పలేరు. అయితే పాత చరిత్ర ఉండి 24 వారాలలోపు పొడవు 25 కంటే తగ్గినవారికి కుట్టు వేస్తే ముందు కాన్పులు తగ్గుతాయని, పలు పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలింది.

25 అంటే ఏమిటి?

ఈ 25 అనే అంకె చుట్టూ భయం ఎక్కువ. దానిని సరిగా అర్థం చేసుకుంటే ఆ భయం కొంత తగ్గుతుంది. 1996లో అమెరికాలో 2,915 మంది గర్భిణులకు 24వ వారంలో ఇలాగే కొలిచి, తర్వాత వారి కాన్పులు ఎప్పుడయ్యాయో చూసి ప్రచురించారు. పదిమందిలో ఒకరికి సుమారుగా 25, 26 లోపు ఉంది. 25 లేక అంతకంటే తక్కువ ఉన్నవారిని నూరుమందిని తీసుకుంటే వారిలో 18 మంది దాకా 35 వారాలకు ముందే కన్నారు. అంతకంటే పొడవు ఉన్నవారిలో నూటికి ఇద్దరో ముగ్గురో. అంటే ప్రమాదం చాలా రెట్లు పెరిగిన మాట నిజమే. అయినా నూటికి 82 మంది 35 వారాలు దాటారు కదా. రిపోర్టు చూసి "ఇక గర్భం నిలవదు" అని ఇంట్లో ఏడుపు మొదలుపెట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రెండో వైపు కూడా చెప్పాలి. ఆ పరిశీలనలో ముందుగా కన్న తల్లులలో మూడింట ఒక వంతుకు కొద్దిగా పైన ఉన్నవారికే ముఖద్వారం పొట్టిగా ఉంది. మిగతావారికి పొడవు బాగానే ఉంది. ఉమ్మనీరు ముందే పోవడం, బి.పి. పెరగడం, ఇన్ఫెక్షన్, రక్తస్రావం, ఇలా ముందు కాన్పుకు వేరే దారులు చాలా ఉన్నాయి. అందుచేత కొలత బాగుందని చెప్పిన తల్లి కూడా ఆరో నెలలో నీరు కారినా, రక్తం కనబడినా, పొట్ట పదేపదే రాయిలా గట్టిపడుతున్నా, స్కాన్ బాగుంది కదా అని ఇంట్లో కూర్చోకూడదు.

ఇంకొక మాట. ఈ కొలతకు విలువ 16 వారాలనుంచి 24 వారాలదాకా ఎక్కువ. ఎనిమిదో నెల వచ్చాక ముఖద్వారం ఎవరికైనా కొంత పొట్టిదవుతుంది. 32 వారాలప్పుడు 24 వచ్చిందని, నొప్పులేమీ లేకుండా, నిద్రాహారాలు మానుకున్న ఒక అమ్మాయిని ఆమె భర్త ఆటోలో పరుగున తీసుకువచ్చాడు. ఆ వయసు గర్భానికి ఆ కొలత విని అంత కంగారు పడనక్కరలేదని డాక్టరమ్మగారు చెప్పి పంపించారు.

మొదటి కాన్పు వారికి

పాత చరిత్ర ఏమీ లేకుండా, మొదటి గర్భంలోనే పొట్టిగా కనబడితే సాధారణంగా ముందు కుట్టు జోలికి పోరు. ప్రొజెస్టెరాన్ మాత్రను 200 మిల్లీగ్రాములది రోజూ రాత్రి యోనిలోపల పెట్టుకోమంటారు. 2007లో ప్రచురితమైన ఒక పరిశోధనలో పొడవు 15 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ ఉన్న 250 మందిని చూశారు. మాత్ర లేనివారిలో నూటికి 34 మంది 34 వారాలలోపే కంటే, ఈ మాత్ర పెట్టుకున్నవారిలో నూటికి 19 మంది కన్నారు. ఈ మాత్ర 36 వారాల వరకు వాడాలి. తెల్లగా, జిగటగా కొంత బయటికి వస్తుంది. మందు పనిచేయకుండా కారిపోతోందని కొందరు నోటితో మింగేస్తున్నారు. అలా చేయకండి. కావలసినంత లోపలే అందుతుంది. మాత్ర వాడుతున్నా పొడవు మరీ తగ్గిపోతే అప్పుడు కుట్టు గురించి డాక్టరమ్మగారు ఆలోచిస్తారు. కవలలు ఉన్నవారి లెక్క వేరు. ఒక్క బిడ్డ ఉన్నప్పటి నిర్ణయాలు వారికి అలాగే వర్తించవు.

మన ఇళ్ళలో అన్నిటికన్నా మాన్పించడం కష్టమైనది మంచం. ముఖద్వారం పొట్టిగా ఉందనగానే కాళ్ళవైపు ఇటుకలు పెట్టి మంచం ఎత్తి, స్నానానికి కూడా దింపకుండా రెండు నెలలు పడుకోబెట్టేస్తారు. ఒకప్పుడు ఆసుపత్రులలోనూ అదే చెప్పేవారు. పడుకోవడం వల్ల ముఖద్వారం నిలబడుతుందని ఇంతవరకు ఎక్కడా తేలలేదు. 2013లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశీలనలో, పొట్టి ముఖద్వారం ఉన్నవారిలో పనులు మాన్పించి ఉంచినవారికి ముందు కాన్పులు తక్కువ కాలేదు సరికదా ఎక్కువే అయ్యాయి. పడుకోవడం వల్లనే ఎక్కువయ్యాయని దాని అర్థం కాదు, మేలు కనబడలేదని అర్థం. కదలకుండా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మాత్రం నిజం. బరువులు మోయకండి, పొలంలో నాట్లకు వెళ్ళకండి. ఇంట్లో తిరగడం, వంట చేసుకోవడం, ఆదివారం గుడికి రావడం మానుకోనక్కరలేదు.

నొప్పులతో వచ్చినప్పుడు

ఇదే కొలత ఇంకొక చోట కూడా మాకు సాయపడుతుంది. ఏడో నెలలో రాత్రిపూట నొప్పులని వచ్చినవారిలో చాలామందికి అవి అప్పటికప్పుడు కాన్పు అయ్యే నొప్పులు కావు. ఉమ్మనీరు పోలేదని చూసుకుని ముఖద్వారం కొలిచినప్పుడు 30 దాటి ఉంటే, వారంలోగా కాన్పయ్యే అవకాశం చాలా తక్కువ. కొన్ని గంటలు చూసి ఇంటికి పంపవచ్చు. 15 కంటే తక్కువ ఉంటే ఆలస్యం చేయం. 34 వారాలలోపు అయితే బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు, 12 గంటలకొకటి చొప్పున నాలుగు మొదలుపెట్టి, పసిబిడ్డల ఐ.సి.యు. ఉన్న చోటికి తల్లిని కాన్పుకు ముందే పంపిస్తాం. పుట్టాక బిడ్డను అంబులెన్సులో తీసుకుపోవడం కంటే తల్లి కడుపులోనే తీసుకుపోవడం మేలు. కుట్టు వేయించుకున్నవారు నొప్పులు మొదలైనా, నీరు పోయినా వెంటనే రావాలి. డాక్టరమ్మగారు అప్పటికప్పుడు చూసి కుట్టు తీయాలో వద్దో నిర్ణయిస్తారు. గట్టి నొప్పులు వస్తున్నా కుట్టు తీయకపోతే ముఖద్వారం చిరిగిపోతుంది.

గర్భిణుల క్లినిక్‌లో పేరు రాయించుకునేటప్పుడే మునుపటి కాన్పు ఏ వారంలో అయిందో, ఐదారు నెలల్లో గర్భం పోయిందేమో, ముఖద్వారానికి ఏదైనా ఆపరేషను జరిగిందేమో సిస్టరుకు చెప్పండి. అత్తవారింటివాళ్ళ ముందు చెప్పుకోలేని సంగతి అయితే మాతో ఒంటరిగా మాట్లాడాలని అడగండి, పక్క గదిలోకి తీసుకువెళతాం. పాత డిశ్చార్జి కాగితం దొరికితే తెచ్చుకోండి. నెలల లెక్కలో ఏడో నెల అని గుర్తున్నా, ఆ కాగితంలో వారాలు రాసి ఉంటాయి. 28 వారాలకూ 32 వారాలకూ మాకు చాలా తేడా ఉంది.